కళ్ళు పచ్చబడి, మూత్రం ముదురుగా వస్తుంటే: ఈ రోజే ఏం చేయాలి, రిపోర్టు ఎలా చదవాలి, ఏం తినాలి

వారం రోజులుగా ఒంట్లో ఓపిక లేదు, నాలుగు మెట్లు ఎక్కితే కూర్చోవాలనిపిస్తోంది, తిండి చూస్తేనే వికారం. ఈ రోజు మూత్రం డికాక్షన్ రంగులో వచ్చింది, అద్దంలో చూసుకుంటే కళ్ళలో తెల్లగా ఉండాల్సిన భాగం పచ్చగా కనిపిస్తోంది. ఇవన్నీ కలిసి వస్తే చాలాసార్లు అది కామెర్లే. కానీ కామెర్లు అనేది జబ్బు పేరు కాదు. జ్వరం లాగా అదొక లక్షణం, దాని వెనకాల వైరస్ ఉండొచ్చు, మీరు వేసుకున్న మాత్ర ఉండొచ్చు, మద్యం ఉండొచ్చు, పిత్తనాళంలో ఇరుక్కున్న రాయి ఉండొచ్చు, గడ్డ ఉండొచ్చు. అందుకే "కామెర్లకి మందు" అని ఎవరైనా ఒకే ఒక్కటి ఇస్తానంటే నమ్మకండి, రాయికి ఒక వైద్యం, వైరస్‌కి ఇంకొకటి.

మా తమ్ముడికి వచ్చినప్పుడు నేను దగ్గరుండి చూసుకున్నాను. అప్పుడు భయపడాల్సిన చోట భయపడలేదు, అక్కర్లేని చోట నిద్ర మానుకున్నాం. ఆ తర్వాత డాక్టర్లని అడిగి, చదివి తెలుసుకున్నవి వరుసగా చెబుతాను.

ముందు పది నిమిషాలు: నిజంగా కామెర్లేనా?

కిటికీ దగ్గర పగటి వెలుతురులో నిలబడండి. పసుపు రంగు బల్బు కింద చూస్తే లేని పచ్చదనం కనిపిస్తుంది, ఉన్నది కనిపించకుండా పోతుంది. కింది రెప్పని వేలితో కొంచెం లాగి పైకి చూడండి, తర్వాత పై రెప్ప ఎత్తి కిందికి చూడండి. కామెర్లైతే తెల్లగుడ్డు అంతా ఒకేలా, రెప్ప కింద దాగిన భాగంతో సహా పచ్చగా ఉంటుంది. నల్లగుడ్డు పక్కన చిన్న పసుపు మచ్చలా మాత్రమే ఉంటే అది ఎండకీ దుమ్ముకీ వచ్చే వేరే సంగతి. క్యారెట్ లాంటివి నెలల తరబడి విపరీతంగా తినేవాళ్ళకి అరచేతులు పచ్చబడతాయి కానీ కళ్ళు తెల్లగానే ఉంటాయి.

మూత్రం సంగతి కొంచెం గజిబిజి. నీళ్ళు తక్కువ తాగినా ముదురుగానే వస్తుంది, అలాంటప్పుడు మూడు నాలుగు గ్లాసులు తాగితే రెండు మూడు గంటల్లో రంగు తేలిపోతుంది. కామెర్ల మూత్రం నీళ్ళు తాగినా అంత తేలికగా తెల్లబడదు, పైన వచ్చే నురగ కూడా పచ్చగా ఉంటుంది. బి-కాంప్లెక్స్ మాత్రలకి మెరిసే పసుపు రంగు వస్తుంది, క్షయకి వాడే రిఫాంపిసిన్‌కి నారింజ రంగు వస్తుంది. కానీ ఈ పరీక్షలన్నీ కళ్ళు ఇంకా పచ్చబడనివాళ్ళకి. కళ్ళు పచ్చగా ఉన్నాయని తేలాక నీళ్ళు తాగి చూద్దాం, రేపటికి తగ్గుతుందేమో అని రోజు గడపకండి.

ఇక్కడే ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంది. పాత ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వస్తుంది. అది మొదట నీళ్ళలో కరగదు, రక్తంలో ప్రోటీన్‌కి అతుక్కుని తిరుగుతుంది కాబట్టి మూత్రంలోకి రాలేదు. లివర్ దాన్ని కరిగే రూపంలోకి మార్చి పిత్తంతో పాటు పేగుల్లోకి పంపుతుంది, మలానికి గోధుమ రంగు వచ్చేది దీనివల్లే. లివర్ కణాలు దెబ్బతిన్నా, పిత్తం పోయే దారి మూసుకుపోయినా ఈ కరిగే రకం వెనక్కి రక్తంలోకి పొంగి, కిడ్నీల గుండా మూత్రంలో దిగుతుంది. అంటే పచ్చ కళ్ళకి ముదురు మూత్రం తోడైతే సమస్య లివర్‌లోనో పిత్తనాళంలోనో ఉందని మీ మూత్రమే చాలావరకు చెప్పేస్తోంది. కళ్ళు పచ్చగా ఉండి మూత్రం మామూలుగా ఉంటే దారి వేరు, రక్తకణాలు ఎక్కువగా విరుగుతున్నాయేమో, లేదా పుట్టుకతో వచ్చే, హాని లేని గిల్బర్ట్ సిండ్రోమేమో డాక్టర్ చూస్తారు.

అలాగే మలం రంగు కూడా గమనించండి, మొహమాటపడకండి. తెల్లమట్టిలా పాలిపోయి ఉంటే పిత్తం పేగుల్లోకి చేరడం లేదని అర్థం, దానికి ఒళ్ళంతా దురద కూడా తోడైతే దారి మూసుకుపోయిందన్న అనుమానం పెరుగుతుంది. డాక్టర్‌కి ఇది మీరే చెప్పాలి, చాలామంది అడిగేదాకా చెప్పరు.

ఎమర్జెన్సీకి ఇప్పుడే వెళ్ళాల్సింది ఎప్పుడు

కింద చెప్పినవాటిలో ఒక్కటి ఉన్నా ల్యాబ్ తెరిచేదాకా ఆగకుండా, రాత్రయినా సరే, ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది మనిషి తెలివిని. పగలంతా మగతగా ఉండి రాత్రి నిద్రపట్టకపోవడం, మాట తడబడటం, తేదీ చెప్పలేకపోవడం, ఊరికే కోపం తెచ్చుకోవడం, చేతులు చాచి మణికట్టు దగ్గర అరచేతులు పైకి వంచమంటే అవి టపటపా కిందికి వాలిపోవడం. వీటిని నీరసం అనుకుని పడుకోబెడతారు, అదే ప్రమాదం. లివర్ పని ఆగిపోతోందనడానికి మొదటి గుర్తులు ఇవే కావచ్చు, గంటల్లో మారిపోవచ్చు. రోగి తన మగతని తాను పట్టుకోలేడు కాబట్టి పక్కనున్నవాళ్ళే చూడాలి.

రెండోది రక్తం. చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి కారడం, కారణం లేకుండా కమిలిన మచ్చలు, వాంతిలో రక్తం, తారులా నల్లటి విరేచనం. మూడోది వణుకుతో కూడిన చలిజ్వరం, దాంతో పాటు కుడివైపు పక్కటెముకల కింద నొప్పి. ఇది పిత్తనాళంలో ఇన్ఫెక్షన్ కావచ్చు, ఇలాంటప్పుడు యాంటీబయోటిక్‌తో పాటు మూసుకున్న దారిని తెరవాల్సి వస్తుంది, ఇంట్లో మాత్రలతో కుదరదు. ఇవి కాక ఆగని వాంతులు, నీళ్ళు కూడా లోపల నిలవకపోవడం, మూత్రం బాగా తగ్గిపోవడం, పొట్ట ఉబ్బిపోవడం.

గర్భిణికి కామెర్లైతే వేరే లక్షణం ఏదీ అక్కర్లేదు, అదే రోజు ఆసుపత్రి. చివరి మూడు నెలల్లో లివర్‌కి వచ్చే హెపటైటిస్ ఇ అనే వైరస్ సోకితే ప్రాణాపాయం చాలా ఎక్కువ, గర్భం వల్లే వచ్చే లివర్ జబ్బులు కూడా ఉన్నాయి. ముందే లివర్ జబ్బు ఉన్నవాళ్ళకీ ఇదే మాట. పసిపిల్లల కామెర్లు పూర్తిగా వేరు, వాళ్ళకి ఈ వ్యాసం వాడకండి, నేరుగా పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఇంకొకటి, పారాసిటమాల్ మోతాదు మించి వేసుకున్నారని తెలిస్తే, తెలిసి వేసుకున్నా తెలియక వేసుకున్నా, కళ్ళు పచ్చబడక ముందే పరుగెత్తాలి. దానికి విరుగుడు ఉంది, ఎన్-అసిటైల్‌సిస్టీన్ అంటారు, మొదటి 8 గంటల్లో ఇస్తే బాగా పనిచేస్తుంది. ఆలస్యమైనా ఉపయోగం ఉంటుంది, కాబట్టి "టైం దాటిపోయింది" అని ఆగకండి.

ఇవేవీ లేకపోతే: ఈ రోజే డాక్టర్, ఈ రోజే రక్తపరీక్ష

బయల్దేరే ముందు ఒక కాగితం తీసుకుని గత మూడు నెలల్లో నోట్లో వేసుకున్న ప్రతి మందూ రాయండి. మాత్రలే కాదు, మూలికా పొడులు, బరువు తగ్గే క్యాప్సూళ్ళు, జిమ్ సప్లిమెంట్లు, ఇంజెక్షన్లు అన్నీ. మూడు నెలలు ఎందుకంటే కొన్ని మందుల దెబ్బ ఆలస్యంగా బయటపడుతుంది. ఉదాహరణకి అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే మామూలు యాంటీబయోటిక్ కోర్సు అయిపోయిన కొన్ని వారాల తర్వాత కూడా కామెర్లు తెప్పించగలదు, అప్పటికి దాన్ని వేసుకున్న సంగతే మర్చిపోతాం. క్షయ మందులు వాడుతున్నవాళ్ళకి కళ్ళు పచ్చబడితే తర్వాతి డోసు వేసుకోకముందే మందు ఇచ్చిన డాక్టర్‌తో మాట్లాడాలి. ఇక జ్వరానికీ ఒళ్ళునొప్పులకీ వేసుకుంటున్న పారాసిటమాల్, నొప్పి మాత్రలు డాక్టర్ చూసేదాకా ఆపేయండి. బీపీ, షుగర్, గుండె మందులు మీ అంతట మీరు ఆపొద్దు, అడిగి చేయండి.

పరీక్షల్లో మొదటిది ఎల్‌ఎఫ్‌టీ, అంటే లివర్ ఫంక్షన్ టెస్ట్. చాలామంది ఇది ఒక్కటే చేయించుకుని ఊరుకుంటారు. దీంతో పాటు పీటీ-ఐఎన్ఆర్ అనే రక్తం గడ్డకట్టే పరీక్ష కచ్చితంగా ఉండాలి, డాక్టర్ రాయకపోతే అడగండి. వీటితో పాటు రక్తకణాల లెక్క, క్రియాటినిన్, షుగర్, తర్వాత హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌లు కొత్తగా సోకాయేమో చెప్పే ఐజీఎం పరీక్షలు, బి కి హెచ్‌బీఎస్‌ఏజీ, సి కి యాంటీబాడీ, పొట్టకి అల్ట్రాసౌండ్. జ్వరం ఇంకా తగ్గకపోతే మలేరియా, లెప్టోస్పైరోసిస్ లాంటివి కూడా చూడాల్సి రావచ్చు. హెపటైటిస్ ఎ లో సాధారణంగా కళ్ళు పచ్చబడే సమయానికి జ్వరం తగ్గుముఖం పడుతుంది, కామెర్లు వచ్చాక కూడా జ్వరం కాస్తుంటే వేరే కారణం వెతకాలి.

నొప్పి లేకుండా కామెర్లు వచ్చి, దురద పెరుగుతూ, బరువు తగ్గిపోతుంటే, ముఖ్యంగా యాభై దాటినవాళ్ళలో, క్లోమం దగ్గరో పిత్తనాళంలోనో గడ్డ ఉందేమో చూడటానికి అల్ట్రాసౌండ్ సరిపోకపోవచ్చు, సీటీ స్కాన్ గానీ ఎంఆర్ఐ గానీ అడగండి. నొప్పి లేదు కదా అని నిదానించేది ఇలాంటివాళ్ళే.

రిపోర్టు చేతికొచ్చాక

మా తమ్ముడి అంకెలతోనే చెబుతాను. వాడికి ముప్పై ఒకటి. సోమవారం జ్వరం, ఒళ్ళునొప్పులు, వికారం. గురువారం మూత్రం ముదురుగా వచ్చింది, వేడి చేసిందనుకున్నాడు. శనివారం కళ్ళు పచ్చబడ్డాయి. ఇలా మూత్రం రంగు కళ్ళ కన్నా కొన్ని రోజులు ముందే మారడం మామూలే, ఎందుకంటే కళ్ళలో పచ్చదనం కనిపించాలంటే బిలిరుబిన్ రెండున్నర, మూడు దాకా పెరగాలి (మామూలుగా 1.2 లోపు ఉంటుంది). గురువారమే వెళ్ళి ఉంటే రెండు రోజులు కలిసొచ్చేది.

శనివారం రిపోర్టు: మొత్తం బిలిరుబిన్ 6.4, అందులో డైరెక్ట్ 4.6. ఏఎల్‌టీ 2130, ఏఎస్‌టీ 1680. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 172. ఐఎన్ఆర్ 1.3. (కొన్ని రిపోర్టుల్లో ఏఎల్‌టీని ఎస్‌జీపీటీ అనీ, ఏఎస్‌టీని ఎస్‌జీఓటీ అనీ రాస్తారు, రెండూ ఒకటే. బిలిరుబిన్ మైక్రోమోల్స్‌లో ఉంటే 17తో భాగించండి.)

ఇందులో డైరెక్ట్ ఎక్కువ ఉంది, అంటే కరిగే రకం, మూత్రం ముదురుకి లెక్క సరిపోయింది. లివర్ కణాలు విరిగితే కారే ఏఎల్‌టీ వేలల్లో ఉండి, పిత్తం దారి మూసుకుపోతే పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కొంచెమే పెరిగితే దెబ్బ లివర్ కణాలకి తగిలిందని. వేలల్లోకి వెళ్ళేది ఎక్కువగా వైరస్, మందుల విషం, లేదా లివర్‌కి రక్తసరఫరా పడిపోయినప్పుడు. దీనికి తిరగబడి ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ బాగా పెరిగి ఏఎల్‌టీ కొంచెమే పెరిగితే దారి మూసుకుపోయిందేమో చూస్తారు. వాడి అల్ట్రాసౌండ్‌లో నాళాలు ఉబ్బలేదు, రాళ్ళు లేవు, పిత్తాశయం గోడ మాత్రం మందంగా ఉందని రాశారు. అది చూసి ఆపరేషన్ అంటారేమోనని కంగారుపడ్డాం. హెపటైటిస్‌లో ఆ గోడ ఉబ్బడం మామూలేనట. హెపటైటిస్ ఎ ఐజీఎం పాజిటివ్ వచ్చింది. ముందురోజు బయట తిన్నదాని మీద నెపం పెట్టాం గానీ, ఈ వైరస్ ఒంట్లో చేరాక బయటపడటానికి రెండు నుంచి ఏడు వారాలు పడుతుంది, నిన్నటి తిండికి సంబంధం లేదు.

నాలుగు రోజుల తర్వాత మళ్ళీ చేయించాం. ఏఎల్‌టీ 890 కి తగ్గింది, బిలిరుబిన్ మాత్రం 10.8 కి పెరిగింది. ఇంట్లో ఏడుపులు. డాక్టర్ మాత్రం ఐఎన్ఆర్ చూశారు, 1.1. "బాగుపడుతున్నాడు, ఇంటికి తీసుకెళ్ళండి" అన్నారు. మేము నమ్మలేదు, నిజానికి ఆయనదే కరెక్టు.

సంగతేంటంటే, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్రోటీన్లని లివరే తయారుచేస్తుంది, వాటిలో ఒకదాని ఆయువు కొన్ని గంటలే. లివర్ పని ఆపితే ఐఎన్ఆర్ ఒకటి రెండు రోజుల్లోనే పెరిగిపోతుంది. ఈ క్షణంలో లివర్ పని చేస్తోందా లేదా అన్నది చెప్పేది అదే. బిలిరుబిన్ నెమ్మదిగా కదులుతుంది, ఏఎల్‌టీ తగ్గుముఖం పట్టాక కూడా కొన్ని రోజులు పెరుగుతూనే ఉండొచ్చు. ఇంకా మోసం చేసేది ఏఎల్‌టీ. అది విరిగిన కణాల నుంచి కారే ఎంజైమ్, తగ్గితే రెండు అర్థాలు: కణాలు విరగడం ఆగింది, లేదా విరగడానికి కణాలే మిగల్లేదు. ఏఎల్‌టీ తగ్గుతూ ఐఎన్ఆర్ పెరుగుతుంటే అది రెండోది. ఐఎన్ఆర్ 1.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఇంట్లో ఉండకూడదు, దానికి మగత కూడా తోడైతే లివర్ మార్పిడి సదుపాయం ఉన్న ఆసుపత్రితో మాట్లాడాల్సిన పరిస్థితి. ఒక మినహాయింపు ఉంది: పిత్తం పేగుల్లోకి చేరకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదు, అప్పుడు కూడా ఐఎన్ఆర్ పెరుగుతుంది. అది విటమిన్ కె ఇంజెక్షన్ ఇస్తే ఒక రోజులో దిగుతుంది. ఆ తేడా డాక్టర్ చూసుకుంటారు.

తిండి

ఇక్కడ జరిగినన్ని తప్పులు ఇంకెక్కడా జరగవు. నూనె చుక్క లేకుండా, ఉప్పు లేకుండా, ప్రోటీన్ లేకుండా నెల రోజులు పెడతారు, మనిషి చిక్కిపోతాడు, దాన్ని కూడా కామెర్ల ఖాతాలోనే వేస్తారు. వైరస్ కామెర్లకి ప్రత్యేకమైన పథ్యం అంటూ లేదు. తగ్గే పని లివరే చేసుకుంటుంది, దానికి కావాల్సింది తగినంత తిండి.

పెద్దవాళ్ళకి బరువులో కిలోకి రోజుకి సుమారు 30 నుంచి 35 క్యాలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ లెక్క పెట్టుకోవచ్చు. 60 కిలోల మనిషికి 1800 నుంచి 2100 క్యాలరీలు, 70 నుంచి 90 గ్రాముల ప్రోటీన్ అన్నమాట. మొదటి వారం వికారంలో ఇంత తినలేరు, ఫర్వాలేదు, ఎంత పడితే అంత. గుడ్లు, పప్పులు, పాలు, పెరుగు, చేప, కోడిమాంసం, ఏది అలవాటైతే అది పెట్టండి, బాగా ఉడికించి.

వికారం సాయంత్రానికి ముదురుతుంది, పొద్దున కొంచెం తేలిక. కాబట్టి పెద్ద భోజనం పొద్దునే పెట్టేయండి, సాయంత్రం బలవంతం చేయకండి. మూడు పూటలకి బదులు ఐదారు సార్లు కొంచెం కొంచెంగా. పడుకునే ముందు ఒక గ్లాసు పాలో, కొంచెం అన్నమో తప్పకుండా, ఎందుకంటే దెబ్బతిన్న లివర్ చక్కెర నిల్వ చేసుకోలేదు, రాత్రంతా ఖాళీ కడుపు దానికి కష్టం. ఇదే కారణంతో ఉపవాసాలు వద్దు.

కొవ్వు విషయంలో మీ కడుపే కొలత. వేపుళ్ళు తింటే డోకు వస్తే మానేయండి, పడితే మామూలు వంట నూనె తినొచ్చు. పిత్తనాళం మూసుకుని మలం జిడ్డుగా తేలుతుంటే మాత్రం కొవ్వు తగ్గించాలి. ఉప్పు మానాల్సింది పొట్టలో నీరు చేరినవాళ్ళు, అందరూ కాదు. రోజంతా గ్లూకోజ్ నీళ్ళూ, పళ్ళరసాలే తాగిస్తే కడుపు నిండినట్టుంటుంది కానీ ప్రోటీన్ సున్నా, షుగర్ ఉన్నవాళ్ళకి ఇంకో తంటా.

మద్యం చుక్క కూడా వద్దు. ఎల్‌ఎఫ్‌టీ పూర్తిగా మామూలయ్యి డాక్టర్ చెప్పేదాకా. కామెర్లు మద్యం వల్లే వచ్చి ఉంటే ఇక ఎప్పటికీ. మూలికా మందులు, లివర్ టానిక్కులు, సప్లిమెంట్లు కూడా వద్దు. వైరస్ కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి, అందుకే ఏ పసరు తాగినా పనిచేసినట్టే కనిపిస్తుంది. కానీ కొన్ని మూలికలు లివర్‌ని స్వయంగా దెబ్బతీస్తాయి, అప్పుడు పెరిగిన అంకె వైరస్‌దో మందుదో తేల్చడం డాక్టర్‌కి కూడా కష్టం.

ఇంట్లో మిగతావాళ్ళు, తర్వాతి వారాలు

హెపటైటిస్ ఎ ఐతే కళ్ళు పచ్చబడిన తర్వాత సుమారు వారం దాకా ఇతరులకి అంటుతుంది, అన్నిటికన్నా ఎక్కువగా అంటేది పచ్చబడక ముందే. వారం పాటు వంట చేయకూడదు, టాయిలెట్ తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఇంట్లోవాళ్ళకి రెండు వారాల లోపు టీకా వేయిస్తే చాలామందికి రాకుండా ఆపొచ్చు. బి అని తేలితే భార్య లేదా భర్తకి, ఇంట్లో అందరికీ పరీక్ష చేయించండి. రోగికి ఆరు నెలల తర్వాత హెచ్‌బీఎస్‌ఏజీ మళ్ళీ చూడాలి, అప్పటికీ పాజిటివ్ ఉంటే దీర్ఘకాలికంగా మారినట్టు.

రెండోసారి పరీక్ష రెండు నాలుగు రోజుల్లో, ఐఎన్ఆర్‌తో సహా. అది నిలకడగా ఉంటే తర్వాత వారానికోసారి, ఆపైన దూరం పెంచుకుంటూ. పూర్తిగా మంచం మీదే ఉండక్కర్లేదు, అలసట వచ్చినప్పుడు పడుకోవడం, ఓపిక ఉన్నప్పుడు నాలుగడుగులు వేయడం చాలు.

తగ్గేటప్పుడు మొదట ఆకలి తిరిగొస్తుంది, తర్వాత మూత్రం తెల్లబడుతుంది, కళ్ళు ఆఖరున. మా వాడికి మూత్రం బాగైన మూడు వారాల దాకా కళ్ళు పచ్చగానే ఉన్నాయి, చూసినవాళ్ళందరూ ఇంకా తగ్గలేదా అని అడగడం. కరిగే బిలిరుబిన్‌లో కొంత ఆల్బుమిన్‌కి గట్టిగా అతుక్కుపోతుంది, అలా అతుక్కున్నది కిడ్నీల్లోకి దిగదు, ఆల్బుమిన్ ఆయువుతో పాటే, అంటే వారాల మీద, పోతుంది. రెండు వారాలకి వాడి బిలిరుబిన్ 4.2, ఆరు వారాలకి 1.1, ఏఎల్‌టీ 38. అలసట మాత్రం అంకెలు మామూలయ్యాక ఇంకో నెల ఉంది. హెపటైటిస్ ఎ కొద్దిమందిలో తగ్గినట్టే తగ్గి కొన్ని వారాలకి తిరగబెడుతుంది, మూత్రం మళ్ళీ ముదురైతే అదే రోజు ఎల్‌ఎఫ్‌టీ, ఐఎన్ఆర్ చేయించండి.